రూటర్ తాళం ఎవరి దగ్గర ఉండాలి? ఫ్లాట్ పంచుకునేవారు రాసుకోవలసిన ఒప్పంద పత్రం

ఎంవీపీ కాలనీలో ముగ్గురం కలిసి అద్దెకుంటున్న రోజుల్లో, ఒక రాత్రి నా వీడియో కాల్ మూడోసారి తెగిపోయాక విసుగెత్తి రూటర్ పేజీ తెరిచి చూస్తే, 14 పరికరాలు కలిసి ఉన్నట్టు కనిపించింది. మా ముగ్గురికీ కలిపి ఉన్నవి మూడు ఫోన్లు, మూడు ల్యాప్‌టాప్‌లు, హాల్లో ఒక టీవీ. అంటే ఏడు. మిగిలిన ఏడూ ఎవరివని విచారిస్తే, సింహాచలం గిరి ప్రదక్షిణకు వచ్చి మా దగ్గర ఒక రాత్రి పడుకున్న మిత్రుడు పై అంతస్తులోని తన స్నేహితులకు మా వైఫై చూపించాడని, వాళ్లు తమలో తాము పంచుకున్నారని తేలింది. అతను దొంగతనంగా చేసిందేమీ లేదు. మాలో ఒకరే అతనికి పాస్‌వర్డ్ చెప్పారు, దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ వారంలోనే మేము ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. అలాంటి పత్రాన్ని ఎలా తయారు చేసుకోవాలో, అందులో ఏ మాట ఎందుకు ఉండాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా: పాస్‌వర్డ్ ఒకటి కాదు, మూడు

చాలామంది రాసుకునే ఒప్పందం "పాస్‌వర్డ్ ఫలానా వారి దగ్గర ఉంటుంది" అనే ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అది పనికిరాదు, ఎందుకంటే ఇంట్లో ఇంటర్నెట్‌కు నిజానికి మూడు తాళంచెవులు ఉంటాయి.

మొదటిది వైఫై పాస్‌వర్డ్. ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను నెట్‌కు కలిపేది ఇదే కాబట్టి ఇంట్లో ఉండే అందరికీ తెలియాలి.

రెండోది రూటర్ నిర్వహణ పాస్‌వర్డ్. బ్రౌజర్‌లో `192.168.1.1` అని గానీ `192.168.0.1` అని గానీ కొట్టినప్పుడు వచ్చే పేజీలో అడిగేది ఇది. చిరునామా ఏదన్నది రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. ఈ పాస్‌వర్డ్ తెలిసినవారు వైఫై పాస్‌వర్డ్ మార్చగలరు, ఎవరినైనా బయటికి నెట్టగలరు, ఎవరెవరు కలిసి ఉన్నారో చూడగలరు. చాలా ఇళ్లలో ఇది కనెక్షన్ పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే, ఆ చీటీ మీద అచ్చువేసిన మాటతోనే మిగిలిపోతుంది. వైఫైలో ఉన్న ఏ అతిథి అయినా రూటర్‌ను తిరగేసి చూసి లోపలికి వెళ్లిపోవచ్చు. కాబట్టి ఒప్పందం రాయడానికి కూర్చునే ముందే దాన్ని మార్చండి.

మూడోది నెట్ కంపెనీ ఖాతా. బిల్లు కట్టడం, ప్లాను మార్చడం, ఫిర్యాదు పెట్టడం, కనెక్షన్ తీసేయించడం అన్నీ ఆ ఖాతాలోనే జరుగుతాయి, ఓటీపీ మాత్రం నమోదైన ఒక్క మొబైల్ నంబరుకే వస్తుంది. గుర్తింపు కార్డు ఇచ్చి కనెక్షన్ ఎవరి పేరున తీసుకున్నారో, ఆ కనెక్షన్ మీద జరిగే ఏ తప్పుడు పనికైనా మొదట పిలుపు వచ్చేది వారికే. అందువల్ల అతిథుల విషయంలో ఆ వ్యక్తి కాస్త పట్టుదలగా ఉంటే మిగతావారు దాన్ని పిసినారితనంగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

తాళం ఎవరికివ్వాలి

మూడో తాళానికి ఎంపిక లేదు, పేరు ఎవరిదో వారిదే. చర్చంతా రెండోదాని గురించే. దాన్ని ముగ్గురికీ ఇస్తే, ఒకరు చేసిన మార్పు ఇంకొకరికి తెలియక ఒక ఆదివారమంతా గందరగోళంలో పోతుంది. ఒక్కరికే ఇస్తే ఆ ఒక్కరు ఊళ్లో లేని రోజున మిగతావారి చేతులు కట్టేసినట్టవుతుంది. మా ఇంట్లో అదే జరిగింది. నిర్వహణ చూసే అతను సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర తన ఊరు వెళ్లినప్పుడు నెట్ ఆగిపోయింది. అతనికి ఫోన్ కలవలేదు. మాలో ఒకరు ధైర్యం చేసి రూటర్ వెనక సూది రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టుకున్నారు. దాంతో వైఫై పేరు, పాస్‌వర్డ్‌లతో పాటు కంపెనీవాళ్లు అందులో పెట్టిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోయాయి. అసలు లోపం వీధిలో తెగిన ఫైబర్ తీగది. ఆ సాయంత్రమే లైను బాగుపడినా, రూటర్‌ను తిరిగి నిలబెట్టే మనిషి వచ్చేసరికి మరో రెండు రోజులు పట్టింది.

అందుకని పత్రంలో ఈ రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. ఒకటి, పెట్టె మీద `LOS` అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే లోపం బయటి లైనుదే గనుక రూటర్‌ను ఎవరూ ముట్టుకోకుండా కంపెనీకి ఫిర్యాదు చేయాలి. దీపాలన్నీ మామూలుగా ఉండి నెట్ రాకపోతే స్విచ్ ఆపి ఒక నిమిషం తరువాత వేసి చూడవచ్చు. రెండు, సూది రంధ్రం నొక్కే పని ముగ్గురి అంగీకారం లేకుండా ఎవరూ చేయకూడదు.

తాళం ఒకరి దగ్గర, నకలు ఒక కవరులో అనే పద్ధతి మాకు కుదిరింది. నిర్వహణ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి కవరులో పెట్టి, అంటించిన చోట ముగ్గురూ అడ్డంగా సంతకాలు చేసి, వంటింటి పై అరలో ఉంచాం. అవసరం వస్తే మిగతా ఇద్దరిలో ఎవరైనా చింపవచ్చు, కానీ చింపిన రోజే గ్రూపులో చెప్పాలి. తాళం పట్టుకున్న మనిషి తిరిగి వచ్చాక పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెడతాడు. వినడానికి పరీక్ష పేపరు పంపకంలా ఉంటుంది గానీ, ఏడాది మొత్తంలో ఆ కవరు ఒక్కసారే చిరిగింది, ఎవరి మధ్యా మాటా మాటా రాలేదు.

తాళం ఉన్నవారికి ఒక హద్దు కూడా రాయాలి. డబ్బు ఆలస్యమైందనో, గిన్నెలు కడగలేదనో ఒకరి ఫోన్‌ను వైఫై నుంచి తీసేసే అధికారం వారికి లేదు. ఈ వాక్యం రాసేటప్పుడు అందరూ నవ్వుతారు, రాయని ఇంట్లో మాత్రం మూడో నెలకే ఆ పని జరుగుతుంది.

డబ్బు: లెక్క ఒక్కసారి చేసి పెట్టుకోండి

ప్రకటనలో కనిపించే ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుందన్నది మొదట గుర్తుంచుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 600 రూపాయల ప్లాను, ఆరు నెలలకు ముందుగా కట్టాలి. 3,600 రూపాయలకు పన్ను 648 రూపాయలు కలిపితే 4,248 అవుతుంది. ముగ్గురికి పంచితే తలకు 1,416, అంటే నెలకు ఒక్కొక్కరి వాటా 236 రూపాయలు. ఈ 236 అనే అంకెను పత్రంలో రాసుకోండి, తరువాత వచ్చే ప్రతి తగాదా దీనితోనే తీరుతుంది.

వాడకాన్ని బట్టి పంచాలన్న వాదన ప్రతి ఇంట్లోనూ వస్తుంది. రాత్రి షిఫ్టుకు మధురవాడ వెళ్లి పగలంతా నిద్రపోయే అతను, ఇంటి నుంచే పనిచేసే అతనితో సమానంగా ఎందుకు కట్టాలని అడుగుతాడు. ఎవరు ఎన్ని జీబీలు వాడారో కొలుస్తూ కూర్చోవడం కంటే సమాన వాటాయే మేలు. దీనికి ఒక్క మినహాయింపు చాలు: ఒకరి ఉద్యోగం కోసమే ఎక్కువ వేగపు ప్లాను తీసుకుంటే, రెండు ప్లానుల మధ్య తేడాను పన్నుతో సహా ఆ ఒక్కరే భరించాలి.

పేరున్న వ్యక్తి మొత్తం కడతాడు, మిగతావారు ఐదు రోజుల్లోగా తమ వాటా యూపీఐలో పంపాలి. గడువు ముగియడానికి ఏడు రోజుల ముందే గ్రూపులో గుర్తు చేయాలి, ఎందుకంటే ముందుగా కట్టే ప్లానులో గడువు దాటితే నెట్ ఆగిపోతుంది. కనెక్షన్ పెట్టినప్పుడు డిపాజిట్ కట్టి ఉంటే దాన్ని నెలవారీ లెక్కలో కలపకండి. ఎవరు కట్టారో వారికే తిరిగి వెళ్లాలి. కంపెనీ రూటర్‌తో పాటు దాని అడాప్టరు కూడా అప్పగించవలసిన వస్తువే కనుక, ఇల్లు మారేటప్పుడు దాన్ని ఎవరి పెట్టెలోనో సర్దేయకుండా చూసుకోవాలి.

మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఏం చేయాలన్నది అసలు చిక్కు. పై ఉదాహరణలోనే, జూన్ 10న కట్టిన ఆరు నెలల ప్లానులో ఒకతను అక్టోబరు 10న ఖాళీ చేశాడనుకోండి. అతని డబ్బు రెండు నెలలకు, అంటే 472 రూపాయలకు మిగిలే ఉంది. కొత్త మనిషి అదే రోజు దిగితే ఆ 472 అతని దగ్గర తీసుకుని పాతవారికి ఇస్తే సరిపోతుంది. కొత్త మనిషి నవంబరు 10 దాకా రాకపోతే? మధ్య నెల 236 రూపాయలను వెళ్లినవారు వదులుకోవాలా, ఇంట్లో మిగిలిన ఇద్దరూ భరించాలా? వెళ్లినవారే వదులుకోవాలని మేము రాసుకున్నాం. వెళ్లాలన్న నిర్ణయం వారిది గనుక నాకు అదే న్యాయంగా తోస్తుంది. కాదనుకుంటే మీరు వేరేగా రాసుకోండి, కానీ ముందే రాసుకోండి. పదిహేను రోజులకంటే తక్కువ తేడాలను లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

అతిథులు: అసలు పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకుండా నెట్ ఇవ్వడం

విశాఖలో గదులు పంచుకునేవారికి అతిథులు తక్కువేమీ కాదు. ఇంటర్వ్యూకు వచ్చిన తమ్ముడు, అరకు వెళ్తూ ఒక రాత్రి ఆగే కాలేజీ బ్యాచ్, గిరి ప్రదక్షిణకు వచ్చే ఊరివాళ్లు, "బాబూ, మా మనవడి ఆన్‌లైన్ క్లాసుకు ఒక్క గంట" అని కింది నుంచి వచ్చే ఇంటి ఓనరు గారు. వీళ్లకు లేదని చెప్పలేము, చెప్పవలసిన అవసరమూ లేదు. అయితే ఒకసారి అసలు పాస్‌వర్డ్ ఇచ్చాక అది మన చేతిలో ఉండదు. ఇప్పటి ఫోన్లలో కలిసి ఉన్న వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపించి మరొకరికి ఇచ్చేయడం రెండు నొక్కుల పని. మా పై అంతస్తుకు మా నెట్ వెళ్లింది ఆ దారిలోనే.

ఇలా బయటికి పోయిన పాస్‌వర్డ్‌కు విరుగుడు దాన్ని మార్చడమే. పరికరాన్ని ఒక్కొక్కటిగా నిషేధించే వీలు రూటర్‌లో ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్లు ఈ మధ్య తమ అసలు గుర్తింపు సంఖ్యను దాచి వేరొకటి చూపిస్తాయి. వైఫైని ఒకసారి తీసేసి మళ్లీ కలిపితే కొన్ని ఫోన్లు కొత్త సంఖ్యతో వచ్చేస్తాయి. కానీ అసలు పాస్‌వర్డ్ మారిస్తే మన ఏడు పరికరాలనూ మళ్లీ కలుపుకోవాలి. టీవీ రిమోటుతో పద్నాలుగు అక్షరాలు కొట్టినవారికి ఆ బాధ తెలుసు. అందుకే అతిథులకు వేరే పేరుతో వేరే వైఫై ఉండాలి, దాని పాస్‌వర్డ్‌ను ఎన్నిసార్లు మార్చినా మన పరికరాలకు ఏమీ కాదు.

రూటర్ పేజీలో వైఫై విభాగంలో `Guest Network` అనే మాట కోసం వెతకండి. అది లేకపోతే `SSID2` లేదా అలాంటి పేరుతో రెండో వైఫై ఉంటుందేమో చూడండి. దానికి ఫ్లాటు నంబరు గానీ ఎవరి పేరు గానీ రాని పేరు పెట్టి, విడి పాస్‌వర్డ్ ఇవ్వండి. కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. నోటితో చెప్పవలసింది కాబట్టి సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్ అక్షరానికీ తికమక లేకుండా చూడండి. `pulihora-rendu-platelu` లాంటి తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చెప్పడం తేలిక, ఊహించడం కష్టం. ఇదే మాటను మాత్రం వాడకండి. రూటర్ మీద బొత్తాం నొక్కి పాస్‌వర్డ్ లేకుండానే కలిపే `WPS` సదుపాయాన్ని ఆపేయండి. అది పనిచేస్తున్నంత కాలం హాల్లో కూర్చున్న ఎవరైనా బొత్తాం నొక్కి అసలు వైఫైలోకే రావచ్చు.

తరువాత పరీక్షించాలి, చాలామంది వదిలేసే పని ఇదే. మీ ఫోన్‌ను అతిథి వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో రూటర్ పేజీ చిరునామా కొట్టండి. పేజీ తెరుచుకోకూడదు. అలాగే ఫోన్‌లోని వీడియోను టీవీకి పంపే బొత్తాం నొక్కితే హాల్లోని టీవీ పేరు జాబితాలో రాకూడదు. ఈ రెండూ కనిపిస్తున్నాయంటే మీ రూటర్ రెండో వైఫైకి పేరు మాత్రమే వేరుగా ఇచ్చింది, లోపల గోడ కట్టలేదు. రెండో వైఫైని మొదటిదాని నుంచి వేరు చేసే సదుపాయం ఏదైనా ఉంటే దాన్ని ఆన్ చేసి మళ్లీ పరీక్షించండి. `AP Isolation` లాంటి మాట కనిపించినా మురిసిపోకండి: కొన్నింటిలో అది అతిథుల ఫోన్లను ఒకదాని నుంచి ఒకటి విడదీస్తుంది తప్ప రూటర్ పేజీని మూయదు. ఏ విధంగానూ గోడ కుదరకపోతే, నిర్వహణ పాస్‌వర్డ్ బలంగా ఉంచుకుని, ఓ మోస్తరు రక్షణతో సర్దుకోవడమే మార్గం. అప్పటికీ పాస్‌వర్డ్‌ను విడిగా మార్చుకునే లాభం దక్కుతుంది.

అతిథి పాస్‌వర్డ్ ఉన్న చీటీని మేము ఫ్రిజ్ పక్కన అంటించాం. ప్రతి నెలా ఒకటో తేదీన, అలాగే పదిమంది వచ్చి వెళ్లిన మరునాడు దాన్ని మార్చేవాళ్లం. వారానికి మించి ఉండే అతిథి గురించి ఆ అతిథి ఎవరి మనిషో వారు మిగతావారికి చెప్పాలి. పదిహేను రోజులు దాటితే నెల వాటాలో సగం, 118 రూపాయలు, ఆ అతిథి తరఫున ఆయనే కట్టాలి. ఓనరు గారి విషయం కాస్త సున్నితం. అద్దెకుండేవారు మొహమాటంతో ఒక్కసారి ఇస్తే అది శాశ్వతమవుతుంది. అతిథి చీటీలోనిదే ఇచ్చి, "ఇది నెల నెలా మారుతుందండీ, కావలసినప్పుడు అడగండి" అని మొదటి రోజే చెప్పేస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పత్రం ఇలా ఉంటుంది

పాస్‌వర్డ్‌లేవీ ఈ పత్రంలో రాయకండి. దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడతారు, ఆ ఫోటో ఎక్కడికైనా వెళ్తుంది. పేర్ల చోట మీ పేర్లు రాసుకోండి. ఇక్కడ నేను గదుల పేర్లు పెట్టాను.

> ఈ ఫ్లాటులో ఉంటున్న మేము ముగ్గురం ఇంటర్నెట్ విషయంలో ఈ విధంగా అంగీకరించాము. కనెక్షన్ బాల్కనీ గదివారి పేరున ఉన్నది. బిల్లు, ఫిర్యాదులు, కంపెనీ ఖాతా వారే చూస్తారు. కస్టమర్ నంబరు మాత్రం ముగ్గురి దగ్గరా ఉంటుంది.
>
> రూటర్ నిర్వహణ పాస్‌వర్డ్ హాలు పక్క గదివారి దగ్గర ఉంటుంది. నకలు సంతకాలు చేసిన కవరులో వంటింటి పై అరలో ఉన్నది. అవసరమై కవరు తెరిచినవారు అదే రోజు మిగతావారికి తెలియజేయాలి. పెట్టె మీద `LOS` దీపం ఎర్రగా ఉంటే రూటర్‌ను ముట్టుకోకుండా కంపెనీకి ఫిర్యాదు చేయాలి. ముగ్గురి అంగీకారం లేకుండా రూటర్‌ను రీసెట్ చేయరాదు. ఏ కారణం చేతనైనా ఒకరి నెట్‌ను మరొకరు ఆపరాదు.
>
> ఆరు నెలలకు 4,248 రూపాయలు, ఒక్కొక్కరి వాటా 1,416. బిల్లు కట్టిన ఐదు రోజుల్లో వాటా పంపాలి. మధ్యలో ఖాళీ చేసేవారికి, వారి చోట కొత్తవారు వచ్చిన తేదీ నుంచి మిగిలిన కాలానికి నెలకు 236 రూపాయల చొప్పున కొత్తవారు చెల్లిస్తారు. చోటు ఖాళీగా ఉన్న కాలానికి తిరిగి రాదు.
>
> అసలు వైఫై పాస్‌వర్డ్ మా ముగ్గురికి తప్ప ఎవరికీ ఇవ్వము, క్యూఆర్ కోడ్ చూపించము. వచ్చినవారికి అతిథి వైఫై మాత్రమే ఇస్తాము. దాని పాస్‌వర్డ్ ప్రతి నెల ఒకటో తేదీన మారుతుంది. పదిహేను రోజులు దాటి ఉండే అతిథికి 118 రూపాయలు ఆహ్వానించినవారు కడతారు.
>
> ఎవరు ఖాళీ చేసినా ఆ రాత్రే అసలు పాస్‌వర్డ్, నిర్వహణ పాస్‌వర్డ్ రెండూ మారుతాయి. కనెక్షన్ పేరున్నవారు ఖాళీ చేయదలిస్తే నెల రోజుల ముందు చెప్పాలి.

చివరి వాక్యంలోని నెల గడువు ఊరికే పెట్టినది కాదు. పేరు మార్పిడికి కొత్త వ్యక్తి తన గుర్తింపు పత్రాలు ఇవ్వాలి, అది కుదరకపోతే పాత కనెక్షన్ తీసేయించి, రూటర్ అప్పగించి, కొత్తది పెట్టించుకోవాలి. ఆ పనులన్నీ లారీ గుమ్మం ముందు నిలబడి ఉన్న రోజున జరగవు.

ఖాళీ చేసిన రాత్రి పని ఇలా సాగుతుంది. ముందు రూటర్ పేజీలో అసలు పాస్‌వర్డ్ మార్చి, మిగిలినవారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ కలుపుకుని, పేజీలో కనిపించే పరికరాలను లెక్కపెట్టాలి. ఇద్దరు మిగిలితే ఐదు ఉండాలి. ఆరోది కనిపిస్తే అతిథి వైఫైలో ఉన్నదేమో చూసి, కాకపోతే కనుక్కోవాలి. తరువాత నిర్వహణ పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టాలి. మా పాత సహవాసి ఖాళీ చేసిన రెండు వారాలకు మరిచిపోయిన ప్రెషర్ కుక్కరు కోసం వచ్చి, సోఫాలో కూర్చుని ఫోన్ తీసి, "గురూ, నెట్ కలవడం లేదే" అన్నాడు. ఫ్రిజ్ పక్కన ఉన్న చీటీ చూపించాం.